రెండొందలు దాటిన పది యూనిట్లు

నాన్న ఫ్యామిలీ గ్రూపులో రెండు స్క్రీన్‌షాట్లు పెట్టి, వెళ్లి నానమ్మ గదిలో కూలర్ ఆపేశాడు. ఒకదాంట్లో కరెంటు స్లాబు రేట్లున్నాయి. రెండోదాంట్లో ఈ నెల వాడకం: 210 యూనిట్లు.

"రెండొందలు దాటితే యూనిట్‌కి ఎనిమిది! 210 ఇంటూ ఎనిమిది, 1680. కొంప మునిగింది," అన్నాడు. నానమ్మ అట్టముక్కతో విసురుకుంటోంది.

నేను రేట్ల ఫొటో జూమ్ చేశాను.

"నాన్నా, కింద చిన్నక్షరాలు చూడు. ఏ స్లాబు రేటు ఆ స్లాబులో పడ్డ యూనిట్లకే. మొదటి వందకి మూడు చొప్పున 300. తర్వాతి వందకి ఐదు చొప్పున 500. మిగిలిన పదికే ఎనిమిది, అంటే 80. మొత్తం 880."

నాన్న నమ్మలేదు. తను సగం కత్తిరించి పంపిన బిల్లును పూర్తిగా తెరిచాడు. వాడకం ఛార్జీ 880 అనే ఉంది.

"అయితే ఇంకాస్త కూలర్ వేసినా, ఆ పై యూనిట్లకే ఎనిమిదా?"

"అంతే. ముందువాటి జోలికి ఎవరూ రారు."

"ఒరేయ్," అంది నానమ్మ, "ఆ మిగతా లెక్కేదో కూలర్ వేసి మాట్లాడుకోండి."

నాన్న లేచి స్విచ్ వేశాడు.