ఫ్యాన్ల సద్దు

ల్యాప్‌టాప్ నెమ్మదించిందనగానే ఇచ్చేసి కొత్తది కొంటామనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పులివెందుల నుంచి నా ప్రొద్దుటూరు రిపేరు షాపుకు వచ్చిన ఈ గేమింగ్ ల్యాప్‌టాప్‌కు కూడా ఆ గతి తృటిలో తప్పింది.

అది ప్రేమ్ సాగర్‌ది. పోయినేడు వేంపల్లె రోడ్డులో బైకు మీద పోతూ ప్రమాదంలో చనిపోయాడు. ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్ మీదే అతని చెల్లెలు కీర్తన పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తోంది.

"మొదట్లో బాగుంటాది, కాసేపుంటే కదలదు బాషన్నా. ఈ పొద్దు బాగుకాకుంటే ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయల్ల," అంది కీర్తన.

పక్కనున్న తల్లి ప్రేమకుమారి ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూత మీద పెట్టిన చెయ్యి తీయలేదు. నేను అడిగితే గానీ ఇవ్వలేదు.

విప్పి చూశాను. దుమ్ము లేదు, ఫ్యాన్లకు అడ్డమేమీ లేదు. మళ్లీ బిగించి, కీర్తన వీడియోనే ఎక్స్‌పోర్ట్‌కు పెట్టి, వేడీ వేగమూ క్షణక్షణం లాగ్‌లో నమోదయ్యేలా చేశాను. ప్రాసెసర్ దాదాపు నాలుగు గిగాహెర్ట్జ్‌తో బయల్దేరింది. వేడి తొంభై ఐదు డిగ్రీలు దాటగానే ఒకటిన్నరకు పడింది. కాస్త చల్లారితే లేచింది, వేడెక్కి మళ్లీ పడింది. కాలిపోకుండా తనను తాను కాపాడుకుంటోంది పాపం. తప్పు పక్క వరుసలో కనబడింది: అంత వేడిలోనూ ఫ్యాన్లు నిమిషానికి రెండు వేల చుట్లు దాటలేదు.

ఫ్యాన్ సెట్టింగ్ తెరిచాను. ఎంత వేడికి ఎంత తిరగాలో చెప్పే గీత మొదట్నుంచి చివరిదాకా నేలబారుగా ఉంది. కావాలనే ఎవరో అలా గీశారు.

"ఎవురమ్మా ఈ పని చేసింది? ఫ్యాన్ల నోరు నొక్కేసినారు!" అని అరిచాను.

ప్రేమకుమారి తెర మీది గీతను చూస్తూ చెప్పింది. "నేను ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పండుకుంటానప్పా. ఇల్లంతా ఒగటే రూము. ఈ సద్దుకు నిద్ర పట్టక ఒగనాడు కసిరినా. మరుసనాటి నుంచి సద్దు లేదు. బాగుచేయించినాడేమో అనుకుంటి."

"ఆట శానా స్లో అయిందే అంటే, ఉండనీలే పాపా అనేటోడు అన్న," అంది కీర్తన. ఆ మాటతో ఏడుపు ఆపుకోలేకపోయింది.

నా కోపం ఎక్కడికి పోయిందో నాకే తెలియదు. అతని గీతను చెరపడానికి చేతులు రాలేదు. దాన్ని అలాగే ఉంచి, పక్కన కొత్తది గీశాను. అరవై డిగ్రీల నుంచి పైకెక్కి, ఎనభై ఐదు దగ్గర పూర్తి వేగం. మళ్లీ ఎక్స్‌పోర్ట్ పెట్టాను. ఫ్యాన్లు హోరెత్తాయి. వేడి ఎనభై నాలుగు దగ్గర నిలబడింది. వేగం మూడుకు పైనే ఉండి, వీడియో అయిపోయేదాకా పడలేదు.

"ఇంగ ఇచ్చేయాల్సిన పని లేదు. కానీ పని చేసినప్పుడల్లా ఇట్లే సద్దు చేస్తాదమ్మా, నీ నిద్ర..." అన్నాను.

ప్రేమకుమారి కుర్చీని ల్యాప్‌టాప్ దగ్గరికి జరుపుకుంది.

"చేయనీ అప్పా. కండ్లు మూసుకుంటే నా కొడుకు పక్కన ఆడుకుంటాండాడు అనుకుంటా."