గురక పెట్టిన వెబినార్

మా అక్క బ్యాంకులో ఫిర్యాదుల కౌంటర్లో పనిచేస్తుంది. ఆమె గొంతు ఎంత మెత్తనంటే, అరవడానికొచ్చినవాళ్లు ఆవలిస్తూ వెళ్లిపోతారు. ఆ గొంతుతోనే నిద్రపట్టనివాళ్లకి క్లాసులు చెప్పుకు బతుకుదామని ఆమె ఆశ. ముందు ఆన్‌లైన్లో ఒక ఉచిత వెబినార్ పెట్టి, జనానికి నిజంగా ఆసక్తి ఉంటే సోమవారం రాజీనామా. వెబినార్లు నడపడమే నా ఉద్యోగం కాబట్టి లెక్క తేల్చే పని నా నెత్తిన పడింది.

పేర్లు నమోదు చేసుకున్నవాళ్లు ఎనిమిది వందల పన్నెండు. బావ ఎగిరి గంతేశాడు. "రేపే రాజీనామా రాసెయ్!"

"బావా, ఊరికే ఇస్తామంటే పేరివ్వడానికేం? పెళ్లికి తప్పకుండా వస్తామనేవాళ్లంతా వస్తారా?" అన్నాను.

వచ్చింది రెండు వందల ముప్పై. బావ మొహం మాడిపోయింది. కానీ మధ్యలో వెళ్లిపోయింది పదకొండు మందే అని చూడగానే మళ్లీ వెలిగింది. "ఒక్కడూ కదల్లేదు! మీ అక్క మాట అందర్నీ కట్టిపడేసిందిరా!"

నాకు అనుమానమే. మామూలుగా సగం మంది జారుకుంటారు. పైగా అక్క "ఇక సెలవు" అన్నాక కూడా రెండు వందల పంతొమ్మిది మంది లోపలే ఉన్నారు. ఎవరో మైకు తెరిచిపెట్టారు. అందులోంచి గురక.

మధ్యలో అక్క అడిగిన ప్రశ్నకి జవాబు నొక్కినవాళ్లెవరో చూశాను. పదకొండు మంది. సరిగ్గా ఆ వెళ్లిపోయినవాళ్లే! ఒకాయనకి ఫోన్ చేసి ఎందుకు వెళ్లారని అడిగాను.

"కళ్లు మూసుకుపోతున్నాయండీ, ఆపేసి మంచమెక్కాను. ఎన్నాళ్లకో హాయిగా పడుకున్నా. మళ్లీ ఎప్పుడు?"

ఉన్నవాళ్లు విన్నవాళ్లు కారు, విన్నవాళ్లు ఉండలేదు. క్లాసు ధర చివర్లో చెప్పింది కాబట్టి అది ఒక్క మనిషి చెవినా పడలేదు.

"అయితే వాళ్లకి నేనంటే ఇష్టమా, కాదా?" అని అడిగింది అక్క. నాకు జాలేసింది.

"అది ఈ అంకెలు చెప్పలేవక్కా. ఇంకోటి పెడదాం. ఈసారి ముందు ధర చెప్పు, ప్రశ్న అడుగు. జోకొట్టడం ఆఖర్న."

రెండోసారి రెండు వందల మంది దాకా వచ్చారు. ధర వినగానే గోడ దూకినట్టు ఒక్కొక్కరే మాయమయ్యారు. ముప్పై నాలుగు మంది మిగిలారు. ప్రశ్నకి అందరూ జవాబిచ్చారు, తొమ్మిది మంది అక్కడికక్కడే డబ్బు కట్టారు.

"కొంప మునిగింది," అని బావ కుర్చీలో కూలబడ్డాడు.

అక్క మాత్రం ఆ ముప్పై నాలుగు పేర్లూ ఒక్కొక్కటే చదివింది.

"రెండు వందల మంది నిద్రపోతుంటే ఏ భయం లేకుండా ఉద్యోగం మానేద్దామనుకున్నాను రా. వీళ్లు మెలకువగా ఉండి విన్నారు. ఇక వీళ్లకి నిజంగా నేర్పాలి కదా, ఇప్పుడు భయమేస్తోంది."

ఆ భయంతోనే సోమవారం వెళ్లి రాజీనామా ఇచ్చి వచ్చింది.