మొదటి వాక్యం

తెనాలిలో మా గైడు శంకరరావుగారు నా థీసిస్ సారాంశాన్ని రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టారు.

"ఏ రికార్డులు చూశావో, ఏ అధ్యాయంలో ఏముందో రాశావమ్మా. ఇంతకీ నువ్వు తేల్చిందేంటి?"

"రేపల్లె వైపు శివారు పొలాలు ఎండింది కాలవలో నీళ్లు లేక కాదండి. ఎగువ ఆసాములు తూములు పెద్దవి చేయించుకుని నీళ్లు మళ్లించుకున్నారండి."

"మరి అది ఐదో అధ్యాయంలో దాక్కుందేంటి? మొదటి వాక్యం అదే రాయి. ఆధారాలు ఆ తర్వాత. శీర్షికలోనూ అదే కనపడాలి."

నా శీర్షిక 'రేపల్లె ప్రాంత నీటిపారుదల: ఒక చారిత్రక పరిశీలన'. దాన్ని చదివి ఎవరికీ కోపం రాదు. అందుకే అలా పెట్టాను. మా పొలం ఎగువనే ఉంది. తూము పెద్దది చేయించిన వాళ్లలో మా ముత్తాత ఒకడు.

అక్కడే కూర్చుని మొదటి వాక్యం మార్చాను, శీర్షిక కూడా. 'శివారుకు చేరని నీరు: రేపల్లె కాలవల మీద ఎగువ ఆసాముల పెత్తనం, 1900–1940'. ఏమీ అనిపించలేదు. వేళ్లు టైపు చేశాయి, అంతే.

"మా అమ్మాయి మన కాలవ మీద పుస్తకం రాస్తోంది" అని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. ఒక్క పేజీ చదవలేదు. సాయంత్రం అమృతలూరులో ఇంటికి వెళ్లి ఆ సారాంశం ఆయన చేతిలో పెట్టాను. శీర్షిక చదివాడు. మొదటి వాక్యం చదివి ఆగాడు.

"మా తాతయ్య పేరు రాశావా?"

"ఐదో అధ్యాయంలో ఉంది నాన్నా."

"అక్కడిదాకా ఎవరు చదువుతార్లే," అన్నాడు.

చేతిలో ఉన్న పేజీని మాత్రం బోర్లా పెట్టాడు.