బయటికి దారి మూసివేయబడింది

"మూత పడిందిరా!" అన్నాడు బావ ఫోన్లో. నాకు "వాత పడిందిరా!" అని వినిపించింది.

నేను కుర్చీలోంచి లేచాను. నేను లేచి అరిచానంటే ఆఫీసు మొత్తం లేస్తుంది, నా గొంతు అలాంటిది. "ఎక్కడ పడింది బావా? చేతికా, కాలికా?"

"చేతికీ కాలికీ కాదురా, దారికి!"

దారికి వాత ఎలా పడుతుందని నేను ఆలోచించే లోపలే సీను మందుల పెట్టె తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు. పుటక్క చన్నీళ్ల సీసా మూత తీసి నిలబడింది.

"ముందు చన్నీళ్లు పోయించండి సార్!" అంది.

"బావా, చన్నీళ్లు పోసుకో!"

"స్నానం ఇంటికొచ్చి చేస్తాలేరా బాబూ! మూత, మూత! ము కి దీర్ఘం! బయటికి దారి మూసేశారట. మీ యాపే చెప్పింది."

సీను దూదీ టించరూ మళ్లీ పెట్టెలోకి సర్దాడు. నాకు మాత్రం అప్పుడే ఒంట్లో వేడి మొదలైంది.

విషయం ఏమిటంటే, మాది ఫోన్ కెమెరాతో ఫొటో తీస్తే అందులోని అక్షరాలు చదివి వినిపించే యాప్. చూపు లేనివాళ్ల కోసం. బావ, అంటే మా అక్క మొగుడు, పుట్టుకతో చూపు లేని మనిషి. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యాక మా యాప్‌ని పరీక్షించే పని పెట్టుకున్నాడు. ఇంట్లో పుస్తకాలు, మందుల చీటీలు, కరెంటు బిల్లులు అన్నీ చదివించి "భేష్" అన్నాడు. అప్పుడు నా నాలుక ఊరుకోలేదు. "వీధిలో బోర్డు మాత్రం ఏమిటి బావా? చిన్న పేజీ, నిలబెట్టిన పేజీ! ఎక్కడికైనా వెళ్లు, చదివేస్తుంది" అన్నాను. ఆ మాట పట్టుకుని, నిన్నటితో ముగిసిపోయిన ఎగ్జిబిషన్ గ్రౌండుకి మధ్యాహ్నం ఒంటరిగా వెళ్లాడు. జనం ఉండరు, బోర్డులు మాత్రం ఉంటాయి, పరీక్షకి బాగుంటుందని.

ఇప్పుడు సాయంత్రం ఐదుంబావు. ఆరింటికి గేటుకి తాళం వేసి కాపలా కుక్కల్ని వదిలేస్తారు. ఆ సంగతి లోపలికి వెళ్లేటప్పుడే వాచ్‌మన్ చెప్పాడట. బావ చెప్పిన వాచ్‌మన్ నంబరుకి బల్ల ఫోన్లోంచి పదిసార్లు చేశాను. మోగుతోంది, ఎత్తడు. సామాను లారీల హోరులో వినపడదు కాబోలు. ఆఫీసు నుంచి అక్కడికి వెళ్లాలంటే ఈ ట్రాఫిక్‌లో ముప్పావుగంట. అయినా మా డ్రైవర్‌ని పంపించాను.

"చుట్టూ ఏముంది బావా?"

"రేకులు. కుడివైపు రేకులే, ఎడమవైపు రేకులే. కర్ర ఎటు తగిలించినా డాం డాం. మూడు సందులు తిరిగాను, మూడూ మళ్లీ ఇక్కడికే తెచ్చి పడేశాయి. నువ్వు తయారుచేసిన బోనులో నన్నే ఎలకని చేశావు కదరా."

"బయటికి దారి బోర్డు దొరికిందన్నావు కదా?"

"దొరికింది. మూడుసార్లు తీశాను. మూడుసార్లూ ఒకటే పాట. 'బయటికి దారి మూసివేయబడింది.' వెనక్కి తిరిగి వేరే దారి వెతుక్కున్నాను. లేదు. ఛార్జింగు తొమ్మిది శాతం."

ఫొటో మాకు రాదు. ఎవరి ఫొటో వాళ్ల ఫోన్లోనే ఉండాలని మేమే పెట్టుకున్న కట్టుబాటు. మాకు వచ్చేది యాప్ చదివిన మాటలు మాత్రమే. వీడియో కాల్ చేద్దామంటే ఆ రేకుల మధ్య మాటే ముక్కలు ముక్కలుగా వస్తోంది. కళ్లున్న ముగ్గురం ఒక గదిలో, కళ్లు లేని ఆయనకంటే గుడ్డిగా కూర్చున్నాం.

పుటక్క అసలు పేరు వేరు. ముద్రించిన పుటల్ని చదివే భాగం రాసింది ఆవిడే కాబట్టి పుటక్క. కోపం వస్తే పుటుక్కున తెగుతుంది కాబట్టి కూడా. ఆవిడ తెర మీద లెక్క చూపించింది. "తొంభై ఏడు శాతం నమ్మకం సార్. అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి, వరస తిన్నగా ఉంది, వాక్యం కుదిరింది. మూసేసిన మాట నిజమే."

"పేజీ అయితే నిజమే" అన్నాడు సీను. బయట తీసిన ఫొటోలో ఏది ఎక్కడుందో కనిపెట్టే భాగం వాడిది. ఇంకా తయారు కాలేదు. నెలనెలా నేను వాడితో "నీకంత సీను లేదురా సీనూ" అంటూ వాడి డబ్బులు పుటక్క వైపు మళ్లిస్తూ వచ్చాను. అందుకే వాడు నాతో తక్కువ మాట్లాడతాడు.

"పేజీ కాకపోతే అక్షరాలు మారతాయా?" అంది పుటక్క.

"అక్షరాలు మారవక్కా. ఎవరి అక్షరాలు అన్నది మారుతుంది. మధ్యాహ్నం ఏం చదివిందో గుర్తుందా? 'మరుగుదొడ్డి తినుబండారాలు.'"

అప్పుడు ఆ మాట తెర మీద రాగానే ముగ్గురం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. టీ తాగుతున్న నాకు పొలమారింది కూడా. ఇప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

"పేజీ చదునుగా ఉంటుంది" అన్నాడు సీను. "అందులోని మాటలన్నీ కెమెరాకి ఇంచుమించు ఒకే దూరం. ఒక వరసలో పక్కపక్కన ఉంటే ఒకే వాక్యం. ఎందుకంటే అలా పేర్చిన మనిషి ఒకడున్నాడు. బయట అలా పేర్చినవాడు లేడు. దగ్గరున్న చిన్న బోర్డూ దూరంగా ఉన్న పెద్ద బోర్డూ ఫొటోలో ఒకే ఎత్తు కనిపిస్తాయి. నీ ప్రోగ్రాము వాటిని ఒక వరస అనుకుని కుట్టేస్తుంది."

"అనుకుంటే సరిపోతుందా? రుజువేది?" పుటక్క గొంతులో తెగడానికి సిద్ధంగా ఉన్న దారం. "దారి తెరిచి ఉందని చెప్పి పంపిస్తే, నిజంగా మూసేసి గొయ్యి తవ్వి ఉంటే?"

అక్క నుంచి ఫోన్ వస్తోంది, మూడోసారి. ఎత్తలేదు.

"బావగారూ" అని సీను ఫోన్ లాక్కుని స్పీకర్లో పెట్టాడు. "బోర్డు దగ్గరకి వెళ్లండి. ఎక్కడ నిలబడి తీశారో అక్కడే. ఒక ఫొటో తీయండి. తర్వాత ముఖం తిప్పకుండా, పీతలాగా ఎడమపక్కకి ఒక అడుగు వేసి మళ్లీ తీయండి. అలా నాలుగు."

"ఈ వయసులో పీత నడక నేర్పిస్తున్నావా నాయనా? సరే."

"పేజీ మీద నుంచి ఫోన్ పక్కకి జరిపితే మాటలన్నీ కలిసే జరుగుతాయి" అన్నాడు మావైపు తిరిగి. "ఇక్కడ దగ్గరిది ఎక్కువ జరుగుతుంది, దూరంది తక్కువ జరుగుతుంది. రెండూ ఒకే చోట లేకపోతే విడిపోక తప్పదు."

మొదటి ఫొటో వచ్చింది. బయటికి దారి మూసివేయబడింది.

రెండోది. బయటికి దారి మూసివేయబడింది.

ఐదున్నర దాటింది. బావ ఫోను ఆరు శాతానికి వచ్చింది. ఫోన్లో ఎక్కడో కుక్క మొరిగింది. గొలుసుతో ఉందో లేకుండా ఉందో మొరుగుడులో తెలియదు.

"ఆగు" అంది పుటక్క ఉన్నట్టుండి. "నా దిద్దుబాటు ఆన్‌లో ఉంది."

"ఏం దిద్దుబాటు?"

"పేజీలో ఒక మూల చిరిగినా, సిరా పోయినా, మిగిలిన అక్షరాల్ని బట్టి మాట పూర్తి చేస్తుంది. పుస్తకాలకి అదే ప్రాణం." ఆవిడ వేళ్లు పరుగెత్తాయి. దిద్దకముందు కెమెరా చూసిన అసలు అక్షరాలు బయటికి లాగింది. రెండో ఫొటోలో ఉన్నది ఇదీ:

బయటికి దారి వేయబడింది

"'మూసి' ఏమైంది?" అన్నాను.

"దాక్కుంది" అన్నాడు సీను. "దగ్గరి బోర్డు జరిగి దూరపు బోర్డుని కప్పేసింది. పేజీ మీద ఒక మాట వెనక ఇంకో మాట దాక్కోదు సార్!"

పుటక్క దిద్దుబాటు తీసేసింది. మూడోది వచ్చింది: బయటికి దారి. అంతే, మిగతాది పూర్తిగా మాయం. నాలుగోది:

మూసివేయబడింది బయటికి దారి

వరస తారుమారైంది. పుటక్క నుదురు తట్టుకుంది. "ఏ పుస్తకంలోనూ అడుగు పక్కకి వేస్తే వాక్యం తిరగబడదు. రెండూ వేర్వేరు. నా తొంభై ఏడు మండిపోను."

"అయితే మూసింది ఏది?" అన్నాను.

సీను తల అడ్డంగా ఊపాడు. "అది తెలీదు సార్. దారి మూయలేదని చెప్పలేను. ఆ మాట దూరంగా ఉన్న వేరేదాని గురించి అని మాత్రం చెప్పగలను. మధ్యలో ఏముందో అక్షరాలు చెప్పవు. గేటుందా, గొయ్యుందా, ఏమీ లేదా... ఏమీ లేకపోవడానికి బోర్డు పెట్టరు కదా."

నాలుగు శాతం. నేను ఫోన్ అందుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మామూలుగా నాకు చేతకాని పని. "బావా, తప్పు నాది. బోర్డు పేజీ అన్నాను, కాదు. రెండు బోర్డుల్ని ఒకటి చేసి నిన్ను బెదిరించాం. ముందు ఏముందో మాకు తెలీదు. నీకేమైనా తెలుస్తోందా?"

"ఇందాకట్నించీ ముఖానికి గాలి కొడుతోందిరా" అన్నాడు బావ. "రేకులుంటే కొట్టదు. మూడుసార్లూ అనుకున్నాను. మీ మిషన్ మూసేశారంటే, దానికి కళ్లున్నాయి కదా, నాకంటే దానికి తెలుసు కదా అని ఊరుకున్నాను."

"కర్ర ముందు పెట్టుకుని, అడుగు అడుగు చూసుకుంటూ వెళ్లు బావా. నేల తగలకపోతే ఆగిపో."

"నడక నాకు నువ్వు నేర్పుతున్నావా!"

కర్ర చప్పుడు వినపడింది. డాం డాం లేదు. టక్, టక్. ఒక్కో టక్కునీ ముగ్గురం లెక్కపెట్టాం. పుటక్క చన్నీళ్ల సీసా నేనే తాగేశాను. పదకొండో టక్కు దగ్గర లైను తెగిపోయింది.

ఆరుకి పది నిమిషాలు. ఐదు నిమిషాలు. అక్క నాలుగోసారి చేసింది. ఎత్తాను. అటు నుంచి అక్క అరుస్తోంది, ఇటు నేను "ఆ... ఆ..." అంటున్నాను. గోడ గడియారం ఆరు కొట్టింది. ఇంకో నిమిషానికి బల్ల ఫోను మోగింది.

"నేనేరా. వాచ్‌మన్ ఫోను. బయటే ఉన్నాను. ఇక్కడ మీ డ్రైవర్ కూడా వచ్చాడు, వీళ్లందరూ నన్ను దయ్యంలా చూస్తున్నారు, ఏం జరిగిందో చెప్పు. స్పీకర్లో పెడతాను."

నేను అక్క ఫోన్ని కూడా స్పీకర్లో పెట్టి బల్ల ఫోను పక్కన ఆనించాను. గొంతు సవరించుకున్నానే గానీ మాట్లాడే హక్కు నాది కాదనిపించి సీను వైపు చూశాను. వాడు వాచ్‌మన్‌ని అడిగాడు. "అన్నా, నీ వెనక 'మూసివేయబడింది' అని పెద్ద బోర్డుందా?"

"ఉంది. టికెట్ల కౌంటర్ది. రోడ్డవతల. నిన్ననే మూసేశాం."

"బయటికి దారి బోర్డు?"

"అది లోపల, స్తంభానికి. గేటుకి పది అడుగుల లోపలికి."

"గేటు?"

"పొద్దుట్నించీ బార్లా తెరిచే ఉంది. ఇప్పుడే వేశాను."

"అదన్నమాట" అన్నాడు సీను. "లోపల నిలబడి తీస్తే స్తంభం మీది మాటా రోడ్డవతలి మాటా ఫొటోలో పక్కపక్కన పడ్డాయి. మా మిషన్‌కి పుస్తకం చదవడమే వచ్చు. రెండిటినీ కలిపి ఒక వాక్యంగా చదివేసింది. నిజానికి గేటు వేసి ఉంటే రోడ్డవతల కౌంటరు బోర్డు కనపడేదే కాదు బావగారూ. తెరిచి ఉంది కాబట్టే దానికి 'మూసివేయబడింది' అన్న మాట కనిపించింది."