ఆరో వారం శుక్రవారం

భార్గవ్‌కి కాగితం అంటే పడదు. స్కూలు నోటీసు ఇంట్లోకి వచ్చిందంటే ఫోన్‌తో ఓ ఫోటో తీసి, కాగితాన్ని పసుపు మూత రీసైక్లింగ్ బిన్‌లో పడేస్తాడు. ఆ ఫోటోని తాను తయారుచేసుకున్న ప్రోగ్రామ్‌కి ఇస్తాడు. అది అక్షరాలు చదివి దేనికి ఎంత కట్టాలి, ఎప్పటిలోగా కట్టాలి అని వరుసగా జాబితా రాసిస్తుంది. దాన్ని క్యాలెండర్‌లోకి ఎక్కిస్తే గడువుకి ముందురోజు సాయంత్రం ఫోన్ మోగుతుంది. సిడ్నీలో, పారమట్టాలో ఉన్నప్పుడు స్నేహితులందరికీ ఇది చూపించి మురిసిపోయాడు. మురిసిపోనీ, తప్పులేదు. పనిచేసే వస్తువే.

జూలై సెలవుల్లో కొత్త ఉద్యోగం కోసం కుటుంబాన్ని తీసుకుని పెర్త్ వచ్చి, పియారా వాటర్స్‌లో అద్దె ఇంట్లో దిగాడు. కూతురు గీతిక ఆరో తరగతి. సిడ్నీలో బడులు తెరిచే సోమవారమే ఇక్కడా చేర్పించారు. తీరా చూస్తే ఇక్కడ అప్పటికే వారం క్లాసులు జరిగిపోయాయి. "ఒక వారం మిస్ అయింది, పర్లేదు లే," అనుకున్నారు మొగుడూ పెళ్ళామూ. అంతటితో ఆ సంగతి మర్చిపోయారు.

గీతిక కొత్త బడిలో నోరు విప్పలేదు. లంచ్ వేళ లైబ్రరీలో కూర్చునేది. తల్లి కిరణ్మయి పాథాలజీ ల్యాబ్‌లో పని ముగించుకుని వచ్చి ఎంత అడిగినా "fine" అన్న ఒక్క ముక్కే జవాబు. పదకొండేళ్ళ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంటే ఏ తల్లికి అన్నం సహిస్తుంది?

అలాంటి పిల్ల ఓ రోజు బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. క్యాంప్ ఉంది. సముద్రం ఒడ్డున మూడు రోజులు. క్యాబిన్‌లో ఎవరితో ఉండాలో ప్రతివాళ్ళూ మూడు పేర్లు రాసివ్వాలిట.

"Mia wrote my name, Amma! First name!"

కిరణ్మయి వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. ఆ పేరు ఒక్కటే కదా ఈ ఊళ్ళో తన బిడ్డకు దొరికింది.

క్యాంప్ నోటీసుని భార్గవ్ ఎప్పటిలాగే ఫోటో తీశాడు. జాబితాలో రెండు వరుసలు వచ్చాయి. అడ్వాన్సు ఎనభై డాలర్లు, ఆగస్టు రెండు. మిగతా రెండువందల నలభై, ఆగస్టు ముప్పై. అంకెలు రెండూ ఫోటోతో సరిచూసుకున్నాడు, సరిపోయాయి. అడ్వాన్సు గడువు నోటీసులో తేదీగానే ఉంది కాబట్టి అదీ సరిపోయింది. రెండో గడువు దగ్గర మాత్రం తేదీ లేదు. "మూడో టర్ము, ఆరో వారం, శుక్రవారం" అని ఉంది. ఇక్కడి బడులు ఏడాదిని నాలుగు టర్ములు చేసి, వారాలు లెక్కపెట్టి అలాగే రాస్తాయి. ఎన్నో వారమో పిల్లలకి నోటికొచ్చు, ఆఫీసువాళ్ళకి నోటికొచ్చు. ఆ వారాన్ని తేదీగా మార్చింది ప్రోగ్రామే. ఆగస్టు ముప్పై శుక్రవారమే కాబట్టి భార్గవ్‌కి అనుమానం రాలేదు.

అడ్వాన్సు గడువుకి ముందురోజు ఫోన్ మోగింది, కట్టేశాడు. స్కూలు యాప్ రోజుకి పదిసార్లు టింగుమంటోందని దాని నోరు మూయించాడు.

ఆగస్టు ఇరవై రెండు, గురువారం సాయంత్రం. కిరణ్మయి దోసెలు వేస్తోంది. భార్గవ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్‌తో ఉన్నాడు. గీతిక వచ్చి పక్కన నిలబడింది.

"Nanna, camp money. Miss said tomorrow's the last day."

"రేపు కాదమ్మా, నెక్స్ట్ ఫ్రైడే. ఇదిగో చూడు." ఫోన్ తిప్పి చూపించాడు.

"But Miss said it to the whole class."

"మీ మిస్ వేరే దేని గురించో చెప్పుంటుంది. నోటీసులో ఉన్నదే క్యాలెండర్‌లో ఉంది. I checked it myself."

కిరణ్మయి అట్లకాడ పట్టుకునే ఇటు తిరిగింది. "ఏవండీ, ఎందుకొచ్చిన గొడవ? ఇప్పుడే కట్టేయండి, లేదా పొద్దున్నే స్కూల్‌కి ఓ ఫోన్ కొట్టండి."

"అడ్వాన్స్ డేట్ కరెక్ట్‌గా వచ్చిందా లేదా? మరి ఇదెలా రాంగ్ అవుద్ది? జీతం బుధవారం పడుద్ది, గురువారం కట్టేస్తా. ప్రతిదానికీ స్కూల్‌కి ఫోన్ చేస్తే మనల్ని ఏమనుకుంటారు?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. గీతిక ఫోన్‌లో ఆ తేదీని కాసేపు చూసింది. నాన్న చేసిన ప్రోగ్రామ్ మీద దానికి చాలా గర్వం. "Okay," అని వెళ్ళిపోయింది. కిరణ్మయి మాడుతున్న దోసెని తీసి పారేసింది. ఇంకో మాట అని ఉంటే బాగుండేది, అనలేదు.

మరుసటి గురువారం సాయంత్రం ఫోన్ మోగింది. భార్గవ్ డబ్బు కట్టబోతే స్కూలు ఫీజులు కట్టే పేజీలో క్యాంప్ పేరే లేదు. శుక్రవారం పొద్దున ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని చెప్పి బడికి వెళ్ళాడు.

ఆఫీసులో ఆవిడ మర్యాదగానే చెప్పింది. గడువు పోయిన శుక్రవారం. యాప్‌లో రెండుసార్లు గుర్తుచేశాం. డబ్బు రానివాళ్ళ చోట్లు సోమవారం వెయిటింగ్ లిస్టులో వాళ్ళకి ఇచ్చేశాం. క్యాబిన్ల జాబితా క్యాంపువాళ్ళకి వెళ్ళిపోయింది, పడకలు నిండిపోయాయి. సొమ్ముకి ఇబ్బందిగా ఉందని ముందే ఒక్క మాట చెప్పుంటే ఏదో ఒకటి చేసేవాళ్ళం అంది. భార్గవ్ రెట్టింపు కడతానన్నాడు. బతిమాలాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, క్యాంప్‌కి వెళ్ళని పిల్లల్ని ఆ మూడు రోజులూ అయిదో తరగతిలో కూర్చోబెడతామని చెప్పింది.

కారులో కూర్చుని ఫోన్ తీశాడు. క్యాలెండర్‌లో ఆ తేదీ మీద నొక్కితే లోపల వివరాలు తెరుచుకుంటాయి. ఎప్పుడూ తెరవలేదు. అక్కడ ఉంది: "నోటీసులో తేదీ లేదు. న్యూ సౌత్ వేల్స్ టర్ముల ప్రకారం లెక్కకట్టిన తేదీ. బడిని అడిగి ఖాయం చేసుకోండి." వారాలు కనిపిస్తే సిడ్నీ ఉన్న ఆ రాష్ట్రపు టర్ముల ప్రకారం తేదీలు కట్టమని పారమట్టాలో ఉండగా తనే రాసిపెట్టాడు. ఊరు మారాక దాన్ని మార్చలేదు. ఈ ఏడాది ఇక్కడ మూడో టర్ము సిడ్నీ కన్నా వారం ముందు మొదలైంది. అది అతనికి తెలియంది కాదు. కూతురికి ఒక వారం చదువు పోయింది అందుకే కదా!

చేతులు కాలాయి. అక్కడే కూర్చుని ఆ నియమాన్ని మార్చాడు. ఎవడిక్కావాలి ఇప్పుడు?

ఆ సాయంత్రం సంగతంతా విని కిరణ్మయి అతన్ని తిట్టలేదు. అరిస్తే కాస్త తేలికపడేవాడు. "పిల్లతో మీరే చెప్పండి," అంది. "నా వల్ల కాదు."

గీతిక గదిలో నేలమీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. భార్గవ్ దాని పక్కన కూలబడ్డాడు.

"తల్లీ, క్యాంప్... నాన్న డేట్ తప్పు చూశాడురా. సీటు పోయింది. Sorry, బంగారం."

ఏడుస్తుందనుకున్నాడు. కొడుతుందేమోనని కూడా అనుకున్నాడు. అది పెన్సిల్ కింద పెట్టలేదు.

"I know. Miss read out the new list on Tuesday. A different girl's got my bed."

"మంగళవారమా?" గుమ్మంలో నిలబడ్డ కిరణ్మయి లోపలికి వచ్చింది. "మరి మియాకి ఏం చెప్పావే?"

"I said I didn't want to go. She doesn't sit with me now."

మూడు రోజులుగా పిల్ల దీన్ని కడుపులో పెట్టుకుని, అన్నం తిని, తమ మధ్యే తిరుగుతూ ఉంది. భార్గవ్ దాని చెయ్యి పట్టుకున్నాడు.

"మరి మాకెందుకు చెప్పలేదు నాన్నా?"

గీతిక అప్పుడు తలెత్తి అతని ముఖంలోకి చూసింది. కోపం లేదు. ఇంగ్లిష్‌లో చెబితే అర్థం కావడంలేదని అనుకుందో ఏమో, తెలుగులో, ఒక్కో మాటా విడమర్చి చెప్పింది.

"చెప్పాను కదా నాన్నా. నువ్వు వినలేదు."

చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, మిగిలిన లెక్క చేసుకోసాగింది.