ఎనిమిది ఇన్నింగ్స్

అప్పాసాహెబ్ కారుళ్కర్ మా లీగ్ కార్యదర్శి. మనిషి పెద్దమనిషే, కానీ ఆ సీజన్ మధ్యలో క్లబ్బుల సమావేశంలో ఆయన చదివిన బ్యాటర్ల జాబితా వింటే నాకు ఒళ్ళు మండిపోయింది. మొదటి పేరు ఆయన మేనల్లుడు నిఖిల్‌ది. సగటు నూట పద్దెనిమిది. నేను ఇరవై ఏళ్ళుగా ముంబై మైదానాల్లో వికెట్ కీపర్‌గా వికెట్ల వెనక కూర్చుని బ్యాటర్లను చూస్తున్నవాణ్ణి. అలాంటి సగటు మా లీగ్‌లో ఎవడికీ ఉండదని నాకు తెలుసు.

లెక్క తప్పు కాదు, అదే అసలు తమాషా. సగటంటే కొట్టిన పరుగుల్ని ఎన్నిసార్లు అవుటయ్యాడో దాంతో భాగించడం. కుర్రాడు మూడు ఇన్నింగ్స్ ఆడాడు. రెండుసార్లు ఏడో నంబరులో దిగి నాటౌట్‌గా మిగిలాడు. అవుటయింది ఒక్కసారే. మొత్తం పరుగులు నూట పద్దెనిమిది, ఒకటితో భాగిస్తే నూట పద్దెనిమిదే. ఆ తర్వాత వాడు ఆడటం మానేసి ప్యాంటు మడత నలగకుండా పెవిలియన్‌లో కూర్చుంటున్నాడు. ఆ యేడు జాబితాలో మొదటివాడికి ఒక బ్యాంకు తన జట్టులో చోటూ, జీవితాంతం ఉద్యోగమూ ఇస్తానంది మరి.

మా క్లబ్బు ఓపెనర్ హేమంత్ ఘాడీ వెనక బెంచీలోంచి లేచాడు. పరళ్‌లో బట్టల మిల్లు మూతపడి జీతం పోయిన ఇంటివాడు. ఆ ఉద్యోగం వాడికి ఎంత అవసరమో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు.

"అప్పాసాహెబ్, మూడు ఇన్నింగ్స్‌కి ర్యాంకేంటండీ? ఒక ముద్ద తిని హోటలు బాగుందన్నట్టుంది."

"సగటు సగటేరా. నీకన్నా ఎక్కువుంటే నేనేం చెయ్యను?"

"కనీసం ఎనిమిది ఇన్నింగ్స్ ఆడినవాడినే లెక్కలోకి తీసుకోండి. ఒక్క సగటే కాదు, స్ట్రైక్ రేట్ కూడా చూడండి. నలభై ఓవర్ల మ్యాచ్‌లో వంద బంతులకి ఎన్ని కొట్టాడో చూడకపోతే ఎలా? రెండూ గుణించి వందతో భాగించండి. ఎవడు పైనుంటే వాడే మొదటివాడు."

"నీకు లాభమనేగా ఈ గోలంతా?"

"లాభమే. దాచుకోను. అయినా న్యాయమే."

హాల్లో నవ్వులు, ఈలలు. చేతులెత్తమంటే ముప్పావు హాలు చేతులెత్తింది. రూల్ పాసైంది. నేను రెండు చేతులూ ఎత్తితే ఒకటి దించమన్నారు.

అప్పాసాహెబ్ అలిగి మేనల్లుణ్ణి మైదానంలోకి తోశాడు. వాళ్ళ జట్టుకి చెప్పి మూడో నంబరులో దింపించాడు. కుర్రాడు చచ్చినట్టు ఆడాడు. చెప్పకూడదు గానీ, బాగానే ఆడాడు. ఇటు మా హేమంత్‌కి ఏ దిష్టి తగిలిందో, బంతి తగిలి వేలు విరిగింది. తర్వాత వానలకి రెండు మ్యాచ్‌లు కొట్టుకుపోయాయి. ఆఖరి మ్యాచ్ నాటికి వాడి ఇన్నింగ్స్ ఏడు. ఎనిమిదోది ఆడకపోతే వాడి రూలే వాణ్ణి జాబితాలోంచి గెంటేస్తుంది.

ఆఖరి మ్యాచ్ నిఖిల్ జట్టుతోనే. ఓడినా, వానకి ఆగి పాయింట్లు పంచుకున్నా మేం కింది డివిజన్‌కి పడిపోతాం. వాళ్ళు డెబ్బై ఎనిమిదికి ఆలౌట్. పిచ్ అంత బురద. నిఖిల్ లెక్క అక్కడికి తేలిపోయింది. తొమ్మిది ఇన్నింగ్స్, సగటు అరవై రెండు, స్ట్రైక్ రేట్ తొంభై మూడు. గుణించి వందతో భాగిస్తే యాభై ఏడు పైచిలుకు. హేమంత్‌ది అప్పటికి సగటు యాభై ఆరు, స్ట్రైక్ రేట్ నూట ఇరవై. అంటే అరవై ఏడు.

ప్యాడ్లు కట్టుకుంటున్న వాడి చెవిలో చెప్పాను.

"ఒరేయ్, ఒక్క బంతి ఆడు. తొడ పట్టుకుని కూలబడు. రిటైర్డ్ హర్ట్ అంటే నాటౌట్ కిందే లెక్క. ఇన్నింగ్స్ ఎనిమిదవుతుంది, సగటు చెక్కుచెదరదు. ఉద్యోగం నీది."

"మోరూకాకా, నిఖిల్ చేస్తే బూతులు తిట్టావు. నేను చేస్తే సలహానా?"

"అన్నం పెట్టే చోట నీతులేంట్రా!"

"రూల్ పెట్టించింది నేను. దానికి సందు కూడా నేనే వెతకాలా?"

వెళ్ళిపోయాడు. నాకు కోపమొచ్చింది. సిగ్గు కూడా వేసింది, కాని కోపమే ఎక్కువ.

ఆ పిచ్ మీద కొట్టబోయినవాడల్లా అవుటయ్యాడు. హేమంత్ మాత్రం బంతిని కాళ్ళ దగ్గర చంపుతూ, ఒక్కొక్క పరుగూ ఏరుకుంటూ నిలబడ్డాడు. ఎనిమిది వికెట్లు పడ్డాక నేను దిగాను. ఇంకా ఐదు పరుగులు కావాలి. వాడు నూట రెండు బంతుల్లో ముప్పై ఏడు మీదున్నాడు. స్ట్రైక్ రేట్ మంటగలిసింది. అయినా నాటౌట్‌గా ఉంటే చాలు, సగటు పెరిగి వాడే మొదటివాడు. అవుటైతే మాత్రం నిఖిలే.

చర్చ్‌గేట్ వైపు ఆకాశం నల్లబడింది. అంపైర్ పైకి చూస్తున్నాడు.

"ఇంకో రెండు బంతులు ఆపరా," అన్నాను. "వానొచ్చేస్తోంది. మ్యాచ్ ఆగిపోతే నువ్వు నాటౌట్."

"ఆగితే మనం కింది డివిజన్‌కి పోతాం కాకా."

"పోదాం! నువ్వు బ్యాంకుకి పో!"

"పదకొండు మందిమి ఆడుతున్నాం. నువ్వు పరిగెత్తడానికి సిద్ధంగా ఉండు, చాలు."

తర్వాతి బంతిని కవర్స్ మీదుగా ఎత్తాడు. నాలుగు. స్కోర్లు సమం. మొదటి చినుకు నా ముక్కు మీద పడింది. ఆ పై బంతిని మళ్ళీ ఎత్తాడు. మేమిద్దరం ఒకరినొకరు దాటాం. మిడాఫ్‌లో నిఖిల్ వెనక్కి పరిగెత్తి, బురదలో జారుతూ, పట్టేశాడు. హేమంత్ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. పెవిలియన్‌కి పోతూ నాతో, "నేల మీదే ఆడు," అన్నాడు.

దాటాం కాబట్టి, అప్పటి రూల్ ప్రకారం స్ట్రైక్ నాది. పదకొండోవాడు అవతలి చివర నించున్నాడు. నేను కళ్ళు మూసుకోలేదనే చెప్తాను. బంతి బ్యాటు అంచుకి తగిలి స్లిప్ పక్కనుంచి పోయింది. పరిగెత్తాం, గెలిచాం. అప్పుడు దంచింది వాన.

పెవిలియన్ రేకుల కింద అందరం తడిసి ముద్దయి చేరాం. అప్పాసాహెబ్ జాబితా తీశాడు. పక్కన బ్యాంకు తరఫున వచ్చిన బత్లీవాలా సారు చాయ్ ఊదుకుంటున్నాడు. మొదటి పేరు నిఖిల్, యాభై ఏడు. రెండో పేరు చెప్పేటప్పుడు అప్పాసాహెబ్ గొంతులో చక్కెర కరిగింది.

"హేమంత్ ఘాడీ. యాభై మూడుకి కాస్త తక్కువ. పాపం, సొంత రూలే మింగేసింది."

"స్ట్రైక్ రేట్ కూడా చదవండి. వెనకవాళ్ళకి వినపడాలి," అన్నాడు హేమంత్. ప్యాడ్లు ఇంకా విప్పలేదు.

"తొంభై ఎనిమిది. పొద్దున నూట ఇరవై ఉండేది కదూ!" అని నవ్వాడు అప్పాసాహెబ్. "ఒరేయ్ పిచ్చోడా, వచ్చే ఏడు ఈ రూల్ తీసేద్దాం. నీకూ మంచిదే."

"దాని జోలికెళ్తే ఊరుకోను," అన్నాడు హేమంత్. "మూడు ఇన్నింగ్స్‌తో మీరు వీణ్ణి పెవిలియన్‌లో కూర్చోబెట్టారు. ఆ రూల్ లాక్కొచ్చి తొమ్మిది ఆడించింది. ఇందాకటి క్యాచ్ చూశారా? ఉద్యోగం వీడు సంపాదించుకున్నాడు. నిఖిల్ గెలిచాడు అప్పాసాహెబ్, మీరు గెలవలేదు."

రేకుల మీద వాన మోగుతోంది. బురద కొట్టుకున్న బట్టలతో నిఖిల్ లేచాడు. మేనమామ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ వైపు వెళ్ళలేదు. వచ్చి హేమంత్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తడిసి బిగుసుకున్న ప్యాడ్ల పట్టీలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.