దీర్ఘాలు నిలిచినంత సేపు

ఉదయం ఎనిమిది గంటలకు ఆ ఇంట్లోని రెండు గదుల్లోనూ పని మొదలయ్యేది. వీధివైపు గదిలో వడ్రంగి తమ్ముడు చెక్క పలకను బల్లకు బిగించి చిత్రిక పట్టేవాడు. వెనక గదిలో పిల్లలు రాసి తెచ్చిన పద్యాలను అక్క దిద్దేది. మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది గనుక అతని రంపపుపొట్టు ఆమె కాగితాల మీద వాలేది. ఆమె చిటికెల లెక్క అతని చెవిన పడేది. కళాశాలలో ముప్పయ్యొక్క సంవత్సరాలు ఛందస్సు బోధించి విరమించిన ఆమెను అందరూ మాత్రలమ్మ అనేవారు. వీధికి కొత్తగా వచ్చినవారు ఆ పేరు విని తలనొప్పికి ఏమైనా ఇమ్మని తలుపు తట్టిన సందర్భాలూ లేకపోలేదు.

ఆమె మాత్రలు కాలానికి కొలతలు. పొట్టి అచ్చును పలకడానికి ఒక చిటికె వేసేంత సమయం చాలు. అది ఒక మాత్ర. పొడుగు అచ్చుకు రెండు. ఆ వీధిలో ఈ లెక్కతో అందరికీ అవసరం ఉండేది. ఎందుకంటే సరిగ్గా కట్టిన పంక్తిని ఎవరైనా గొంతు విప్పి చదివితే అందులో చెప్పిన పని జరిగేది. కుళాయి తిప్పితే నీళ్ళు రావడాన్ని గురించి ఎవరూ చర్చించుకోనట్టే దీన్ని గురించీ చర్చించుకునేవారు కాదు. అర్థం కుదిరినంత మాత్రాన చాలదు. పలికే చప్పుడు జరిగే పనిని పోలి ఉండాలి. కష్టమంతా అక్కడే.

ఎదురింటి దర్జీ ఒక ఉదయం హడావిడిగా వచ్చాడు.

"అమ్మగారూ, కరెంటు పోయింది. సాయంత్రానికి ఇరవై బడి చొక్కాలు ఇవ్వాలి. ‘తొందరగా కదిలెను సూది’ అని పొద్దుట్నుంచీ గొంతు చించుకుంటున్నా. మిషను ఉలకదు, పలకదు!"

"ఎలా పలుకుతుంది నాయనా? తొందర అన్న మాటలో తొందర ఎక్కడుంది? ‘తొం’ దగ్గరే రెండు మాత్రలు కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి."

"మరి?"

ఆమె కాగితం ముక్క మీద రాసిచ్చింది: టకటకటకటక కదులును సూది. పన్నెండు పొట్టి అక్షరాలు వరసగా పరుగెత్తాయి. ‘ట’ దగ్గర నాలుక తగిలి, ‘క’ దగ్గర గొంతు తగిలి, అచ్చుకు ఆగే తీరికే లేకపోయింది. దర్జీ చదివాడు, ఎదురింట్లో మిషను దౌడు తీసింది. ‘సూ’ అన్న దీర్ఘం దగ్గర మాత్రం సూది పైన ఒక్క క్షణం నిలిచి, మళ్ళీ దిగింది.

"ఆ నిలవడం దారం బిగియడానికి. దాన్ని కొరికెయ్యకు, పూర్తిగా పలుకు," అంది మాత్రలమ్మ.

ముందు గదిలోంచి తమ్ముడు నవ్వాడు. అతనికి పద్యం రాయడం రాదు కాని చెవి గొప్పది. పుల్ల విరిగితే చిటుక్కుమంటుందనీ, కొమ్మ విరిగితే ఫెళ్ళుమంటుందనీ, చిన్న చప్పుళ్ళు ‘ఇ’కారంలోకి ఎందుకు దూరతాయో అక్కకు మొదట చెప్పినవాడు అతనే. "‘ఇ’ అనేటప్పుడు నోట్లో చోటెంత ఉంటుందక్కా? చిన్నదే పడుతుంది," అన్నాడు. ఆ మాట ఆమె తరగతిలో తన మాటగా ఎన్నోసార్లు చెప్పుకుంది.

ఆ నవ్వు చివర దగ్గు వచ్చింది. వారం తిరిగేసరికి అతను మంచం పట్టాడు. నలభై సంవత్సరాల చెక్కపొట్టు ఊపిరితిత్తుల్లో అట్టకట్టిందన్నాడు వైద్యుడు. సోమవారం సాయంత్రం మాత్రలమ్మను గుమ్మం బయటికి పిలిచి, "రేపు గడిస్తే గొప్పమ్మా. పిలవాల్సినవాళ్ళను పిలవండి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

పిలవాల్సిన మనిషి ఒక్కతే. తమ్ముడి కూతురు, తల్లి లేనిది. ఆ పిల్ల పద్దెనిమిదో ఏట చిత్రిక పట్టుకుని పని నేర్పమంటే, "ఆడపిల్లకెందుకే ఇది, కింద పెట్టు," అన్నాడతను. ఆమె చిత్రికతోపాటు ఆ ఇంటినీ వదిలేసింది. ఇప్పుడు దూరాన ఓడరేవులో క్రేను నడుపుతోంది. తండ్రీకూతుళ్ళు మాట్లాడుకుని తొమ్మిది సంవత్సరాలు. మాత్రలమ్మ ఆమెకు ఫోను చేసింది.

"బయల్దేరుతున్నా అత్తా. గురువారం పదింటికి దిగుతా. అప్పటిదాకా..."

"ఉంటాడు," అంది మాత్రలమ్మ.

ఆ మాట అనేసి, కాగితం ముందు పెట్టుకుంది. ఊపిరికి పంక్తి కట్టాలి. పదహారు మాత్రలైతే నిండు ఊపిరి అవుతుందని లెక్క వేసింది. మెల్లగ మెల్లగ రొమ్మున కెక్కును. నాలుగేసి మాత్రల చొప్పున నాలుగు ముక్కలు. లెక్కలో పిసరంత తేడా లేదు. తమ్ముడి పక్కన కూర్చుని చదివింది. అతని రొమ్ము లేచింది, ఆగింది, లేచింది, ఆగింది. ‘కెక్కు’ దగ్గర గొంతు పూడుకుపోయి కళ్ళు తేలేశాడు. ఆమె హడలిపోయి కాగితం చింపేసింది.

"అక్కా," అన్నాడతను తేరుకున్నాక. "చెక్క మంచిదే. ముడులున్నాయి."

"ముడులేమిట్రా? పదహారుకి పదహారు సరిపోయాయి."

"నువ్వు లెక్కపెట్టావు. నేను పీల్చాను కదా."

ఆమె చింపిన కాగితం ముక్కలు ఏరుతుంటే అతను మళ్ళీ అన్నాడు.

"చిత్రిక ముడికి తగిలినా ఆలస్యమే. పొడుగు చెక్క మీద సాఫీగా పోయినా ఆలస్యమే. రెండూ ఒకటేనా మరి?"

అక్షరం రెండు విధాల బరువెక్కుతుందని ఆమె ఎన్ని వందల మందికి పాఠం చెప్పిందో! అచ్చు పొడుగైతే ఒక విధం. పక్కన జంట హల్లు నిలబడితే ఇంకో విధం. రెండింటికీ రెండు మాత్రలే. కాని మొదటిదాంట్లో గాలి పారుతూ రెండు మాత్రలు గడుపుతుంది. రెండోదాంట్లో మూసిన తలుపు ముందు నిలబడి గడుపుతుంది. ‘మెల్లగ’ అన్న మాటకు అర్థం నిదానమే. దానిలో ఉన్నది మాత్రం పొట్టి అచ్చు, దాని వెనక అడ్డం. ‘ల్ల’ అయినా నాలుక పక్కలనుంచి కాస్త జారనిస్తుంది. ‘క్క’ బొత్తిగా ఊపిరాడనివ్వదు. కాగితం మీద ఎప్పుడూ కనబడని తేడా తమ్ముడి గొంతులో కనబడింది.

మళ్ళీ రాసింది. పీల్చడానికి ఒకటి, విడవడానికి ఒకటి.

లోనికి గాలీ రానీ రానీ
వేడిగ గాలీ పోనీ పోనీ

జంట హల్లు ఒక్కటి లేదు. ‘రా’ అన్నప్పుడు నోరు విశాలంగా తెరుచుకుంటుంది. ‘పో’ అన్నప్పుడు పెదవులు కలిసి, విడివడి, గుండ్రమై ఊదుతాయి. హల్లులు కూడా చాలావరకు మెత్తనివి. ‘ల’లూ ‘ర’లూ ‘న’లూ గాలిని ఆపకుండా దారి ఇస్తాయి. ఆమె చదివింది. తమ్ముడి రొమ్ము పదహారు మాత్రలు పైకి లేచి, పదహారు మాత్రలు కిందికి దిగింది. ఒకసారి చదివితే ఆ తీరు గంటసేపు నిలిచేది. తరవాత మళ్ళీ చదవాలి.

మంగళవారమంతా చదివింది. బుధవారానికి గొంతు బొంగురుపోయింది. దర్జీ ఉండబట్టలేక, "కాసేపు నేను చదువుతా, మీరు నడుం వాల్చండి," అన్నాడు. అతను చదివిన గంటసేపూ రోగి పరుగుపందెంలో ఉన్నవాడిలా రొప్పాడు.

"బాబూ, మిషను మీదనుంచి దిగి చదవకూడదూ?" అన్నాడు తమ్ముడు రొప్పుతూనే. దర్జీ సిగ్గుపడిపోయాడు. ఫోనులో రికార్డు చేసి పెట్టి చూశారు. ఫోను పొట్ట ఉబ్బింది, తగ్గింది, మనిషికి ఏమీ అందలేదు. ఇక మాత్రలమ్మే గోరువెచ్చని నీళ్ళు గుక్కెడు మింగుతూ, ఒక్కొక్క దీర్ఘాన్నీ రెండు నిండు చిటికెల పాటు నిలిపింది. బుధవారం గడిచింది.

గురువారం పది దాటాక వీధి తలుపు కిర్రుమంది. మేనకోడలు భుజాన సంచితో గుమ్మంలో నిలబడింది. తండ్రిని చూసి, చూపు తిప్పుకుని తలుపును చూసింది.

"వడ్రంగి ఇంటి తలుపు ఇంకా నేల గీసుకుంటోందా నాన్నా? చిత్రిక పట్టలేకపోయావా?"

"నీకోసమే ఉంచా," అన్నాడు తండ్రి.

ఆ పిల్ల పెదవి కొరుక్కుని, మొహం కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్ళిపోయింది. నీళ్ళ చప్పుడు మధ్యలో వెక్కిళ్ళు గదిలోకి వినబడుతూనే ఉన్నాయి. గంట కావస్తోంది. మాత్రలమ్మ కాగితం అందుకుంది.

"అక్కా, దాన్ని చదవనీ."

"అది ఏడుస్తోందిరా. ఏడుపులో దీర్ఘం నిలవదు. వెక్కు వచ్చినచోటల్లా తెగిపోతుంది."

"తెలుసు."

"నా గొంతులో ఇంకా ఉంది. ఇవాళ్టికి చాలినంత ఉంది. రేపు కూడా..."

"నీ గొంతు అరవయ్యేళ్ళుగా వింటున్నా కదా అక్కా," అన్నాడు. నవ్వబోయాడు. "తొమ్మిదేళ్ళయింది దాని గొంతు విని. నాలుగు మాటలైనా నా లోపలికి పోనీ."

మేనకోడలు మొహం తుడుచుకుంటూ వచ్చింది. అత్త కాగితం చేతికిచ్చి, "నాన్న పక్కన కూర్చుని చదువమ్మా. తొందరేమీ లేదు," అంది.

కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది. రెండు రోజుల రైలు ప్రయాణమూ, తొమ్మిది సంవత్సరాలూ ఆ గొంతులోకి ఒక్కసారిగా వచ్చాయి. ‘లోనికి’ అనబోతే ‘లొనికి’ అయింది. గలి. రని. రని. మాత్రలమ్మ లెక్కపెట్టకూడదనుకుంది, వేళ్ళు వాటంతటవే లెక్కపెట్టాయి. తొమ్మిది. తమ్ముడి రొమ్ము తొమ్మిది మాత్రల మేరకే లేచి ఆగింది. వెడిగ గలి పొని పొని. తొమ్మిదే దిగింది.

ఆమె చెయ్యి కాగితం కోసం ముందుకు పోయింది. లాక్కుని ఒక్కసారి చదివితే చాలు, పదహారుకు పదహారు. తమ్ముడు కళ్ళు ఆమె వైపు తిప్పాడు. దుప్పటి మీద ఒక వేలు అటూ ఇటూ కదిలింది. వద్దు. తరవాత కూతురి ముఖం వైపు తిరిగి, మళ్ళీ చూపు మరల్చలేదు. కూతురు మరోసారి చదివింది. ఈసారి చివరి ‘రని’ పెదవి దాటలేదు. ఏడు. ఇంకోసారి మొదలుపెట్టి మొదటి మాట దగ్గరే ఆగింది. అతని ఊపిరి ఆ మాట దాకా వచ్చి, అక్కడే, ఏ తడబాటూ లేకుండా, ఆగింది. ముఖం మీద పొద్దుటి పని ముగించిన మనిషి తృప్తి ఉంది.

అత్త తన చేతిని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఎదురింట్లో మిషను ఆగిపోయింది.

"నిద్రపోయాడా అత్తా?" అంది మేనకోడలు. తండ్రి ముఖం దగ్గరికి వంగి చూసి, కాగితాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకుంది. కాస్సేపటికి మొహం ఎత్తింది. ఆ కళ్ళలో ఉన్నది దుఃఖం ఒక్కటే కాదు, ఒక భయం.

"అత్తా... నేను సరిగ్గానే చదివానా?"

మాత్రలమ్మ ఆమె తల నిమిరింది. బొంగురుపోయిన గొంతును కూడదీసుకుని, ఒక్కొక్క అచ్చునూ దానికి దక్కవలసినంత సేపు నిలుపుతూ చెప్పింది.

"ఒక్క మాత్రైనా తగ్గలేదమ్మా."